పుస్తకంలో 420, రాక్‌లో 320

యాసంగి పంట చేలో ఉన్న రోజుల్లో బోరు మోటారు స్టార్టర్లకు గిరాకీ పెరుగుతుంది. డీలర్లు పొద్దున్నే ఫోన్లు మొదలుపెడతారు. సరిగ్గా ఆ సమయంలోనే స్టార్టర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. రంగు వేసిన రేకు డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. కాంటాక్టర్లు బిగించి, వైరింగ్ చేసి, పుష్ బటన్లు పెట్టి ఉంటాయి. ఓవర్‌లోడ్ రిలే ఒక్కటి లేక అవి బయటికి పోవు. అదే ఫ్యాక్టరీ స్టోర్స్‌లో రెండు రాక్‌ల నిండా ఎవరికీ అక్కర్లేని కెపాసిటర్లు దుమ్ము పట్టి కూర్చుంటాయి. అమ్మడానికి సరుకు తయారు కాదు, ఉన్న సరుకులో చిక్కుకున్న డబ్బు బయటికి రాదు.

ఈ రెండు బాధలూ ఒకే చోట పుడతాయి కాబట్టి, వారానికి ఒకసారి ఒకే బల్ల దగ్గర కూర్చుని రెండింటినీ తేల్చుకోవడం చాలా ఫ్యాక్టరీల్లో ఆనవాయితీ. పేరు స్టాక్ రివ్యూ మీటింగు. పేరుకు వారం వారం జరిగినా చాలాచోట్ల అది పనికి రాదు. స్టాక్ లిస్టు మొత్తం ప్రింటు తీసి, మొదటి ఐటెమ్ నుంచి చదువుతూ పోతారు. గంట గడిచేసరికి 60వ ఐటెమ్ దగ్గరుంటారు. అప్పటికి ఓనరుకు ఫోను వస్తుంది, మీటింగు ముగుస్తుంది.

దీనికి విరుగుడు పాతదే. అమెరికన్ ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్ 1903లో రాసిన ‘షాప్ మేనేజ్‌మెంట్’లో చెప్పాడు: పైవాడి బల్ల మీదికి అన్ని లెక్కలూ రాకూడదు, మామూలుకు భిన్నంగా ఉన్నవి మాత్రమే విడదీసి పంపాలి. అలా విడదీసిన జాబితానే ఇప్పుడు ఎక్సెప్షన్ రిపోర్టు అంటున్నారు. స్టోర్స్‌లో 600 ఐటెమ్‌లు ఉంటే, వాటిలో అయిపోబోతున్నవి పది, అవసరానికి మించి ఉన్నవి పది మీటింగుకు వస్తాయి. మిగతా 580 గురించి ఆ వారం ఎవరూ మాట్లాడరు.

హైదరాబాదు చర్లపల్లి, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల్లో ఉండే తరహా ఫ్యాక్టరీ ఒకటి ఊహించుకుందాం. ముప్పై మంది పనివాళ్లు. వ్యవసాయ మోటార్లకు త్రీ ఫేజ్ స్టార్టర్లు, కొంచెంగా సింగిల్ ఫేజ్ ప్యానెళ్లు చేస్తారు. లెక్కలు ట్యాలీలో ఉంటాయి. ఇక్కడ చెప్పే అంకెలు విషయం అర్థం కావడానికి వేసుకున్నవే గానీ, పరిస్థితులు మాత్రం ఇలాంటి ఏ స్టోర్స్‌లోనైనా ఎదురయ్యేవే.

ట్యాలీ ప్రైమ్‌లో Reorder Status అనే రిపోర్టు ఉంది. ప్రతి ఐటెమ్‌కూ రీఆర్డరు లెవెల్ పెట్టి ఉంటే అది కొరతలు చూపిస్తుంది. అయితే చాలామంది ఆ లెవెల్ ఒకసారి పెట్టి మరిచిపోతారు, కొందరు అసలు పెట్టనే పెట్టరు. లెవెల్ సున్నా ఉన్న ఐటెమ్ తగ్గినా కొరతగా కనిపించకపోవచ్చు. అందుకని స్టాక్ అంకెల్ని ఎక్సెల్‌లోకి తెచ్చుకుని, ఎన్ని రోజులకు సరిపోతుందో లెక్కగట్టడం మేలు. B కాలమ్‌లో చేతిలో ఉన్న స్టాకు, C లో వచ్చే రెండు వారాల ప్రొడక్షన్ ప్లాన్ ప్రకారం రోజువారీ వాడకం, D లో సరుకు రావడానికి పట్టే పనిరోజులు, E లో ఆర్డరిచ్చినా ఇంకా రానిది, F లో కొన్న రేటు, G లో వచ్చే మూడు నెలల అవసరం రాసుకుంటే రెండు ఫార్ములాలు చాలు.

```
=IF(C2=0,"",IF(B2/C2<D2+3,B2/C2,""))
=MAX(0,B2+E2-G2)*F2
```

మొదటిది కొరత జాబితా. స్టాకు ఎన్ని రోజులు వస్తుందో లెక్కేసి, సరుకు రావడానికి పట్టే రోజులకు మరో మూడు రోజులు కలిపినా అంతకన్నా తక్కువే ఉంటే ఆ రోజుల సంఖ్యను చూపుతుంది, లేకపోతే గడి ఖాళీగా ఉంటుంది. రెండోది మిగులు జాబితా. మూడు నెలల అవసరం పోగా మిగిలినదాన్ని రూపాయల్లో చూపుతుంది. మొదటి జాబితాను రోజులు తక్కువ ఉన్నవి పైకి వచ్చేలా, రెండోదాన్ని రూపాయలు ఎక్కువ ఉన్నవి పైకి వచ్చేలా సర్దుకోవాలి. వెయ్యి స్క్రూలు ఎక్కువ ఉంటే ఎవరికీ నష్టం లేదు. అది రూపాయల్లో చూస్తే తనంతట తానే కిందికి పోతుంది.

కొరత లెక్కలో ఆర్డరిచ్చిన సరుకును కలపకపోవడం కావాలని చేసినదే. పర్చేజ్ ఆర్డరు ఒక మాట, రాక్‌లో ఉన్నదే సరుకు. ఆ మాట నిలబడుతుందా లేదా అన్నది మీటింగులో అడిగి తేల్చుకోవాల్సిన సంగతి. మిగులు లెక్కలో మాత్రం దాన్ని తప్పక కలపాలి. ఎందుకో కెపాసిటర్ల దగ్గర తెలుస్తుంది.

మీటింగు మంగళవారం పదకొండింటికి అనుకుందాం. రిపోర్టు సోమవారం పొద్దున తీయాలి. సోమవారం మధ్యాహ్నంలోగా స్టోర్‌కీపరు ఆ జాబితాలో ఉన్న ఇరవై ఐటెమ్‌లనూ రాక్ దగ్గరికి వెళ్లి చేత్తో లెక్కపెట్టాలి. ఈ ఒక్క పనీ చేయకపోతే మంగళవారం సగం సమయం, లెక్క తప్పా సరుకు లేదా అన్న వాదులాటకే పోతుంది. ఇరవై ఐటెమ్‌లు లెక్కపెట్టడానికి రెండు గంటలు పట్టొచ్చు. 600 అయితే అదే లెక్కన అరవై గంటలు. జాబితా చిన్నదిగా ఉండటం వల్ల దక్కే మొదటి లాభం ఇదే.

మన ఫ్యాక్టరీలో సోమవారం జాబితాలో మొదటి వరస 5 హెచ్‌పీ స్టార్టర్‌లో పడే ఓవర్‌లోడ్ రిలే, 6 నుంచి 10 ఆంపియర్ల రేంజిది. ట్యాలీలో 420 ఉన్నాయి. రోజుకు 40 స్టార్టర్ల ప్లాను. అంటే పదిన్నర రోజులు. సరుకు రావడానికి 12 పనిరోజులని రాసుకున్నారు, దానికి మూడు కలిపితే 15. అందుకే జాబితాలోకి ఎక్కింది. వెయ్యి రిలేలకు ఐదు పనిరోజుల కిందటే ఆర్డరు వెళ్లింది కాబట్టి మరో ఏడు రోజుల్లో రావాలి. కాగితం మీద చూస్తే భయపడాల్సిందేమీ లేదు.

స్టోర్‌కీపరు వెళ్లి లెక్కపెడితే రాక్‌లో 320 తేలాయి. మిగతా వంద ఏమయ్యాయి? 70 టెస్టింగులో సరిగా ట్రిప్ కాక రిజెక్షన్ రాక్‌లో పడి ఉన్నాయి. వాటిని పుస్తకంలోంచి ఎవరూ తీయలేదు. మరో 30 శనివారం సాయంత్రం హడావిడిలో ఇష్యూ స్లిప్ లేకుండా లైనుకు వెళ్లాయి. పదిన్నర రోజుల స్టాకు ఎనిమిది రోజులకు వచ్చింది.

ఇక మీటింగు. మొత్తం 45 నిమిషాలు. స్టోర్స్, పర్చేజ్, ప్రొడక్షన్, సేల్స్, అకౌంట్స్ నుంచి ఒక్కొక్కరు, ఓనరు. అకౌంట్స్ మనిషిని పిలవడం చాలామంది మరిచిపోతారు. ఆయన లేకపోతే ఈ మీటింగు సగం గుడ్డిది.

మొదటి ఐదు నిమిషాలు పోయిన వారం రాసుకున్న నిర్ణయాలకు. అయిందా, కాలేదా అని అడగడమే, కథ అక్కర్లేదు. కానివి ఈ వారం జాబితాలో మళ్లీ పైకి వస్తాయి.

తర్వాత ఇరవై నిమిషాలు కొరతలకు. ప్రతి వరస దగ్గరా అడిగే ప్రశ్నలు ఒకే వరసలో ఉండాలి. రాక్‌లో నిజంగా ఎంత ఉంది? ఏ తేదీకి అయిపోతుంది? వచ్చే సరుకు ఏ తేదీకి వస్తుందని సప్లయరు నోటితో చెప్పాడు? ఆ రెండు తేదీల మధ్య ఖాళీ ఉంటే దాన్ని ఎలా పూడుస్తాం?

రిలే దగ్గరికి వచ్చేసరికి పర్చేజ్ మనిషి పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కున్న సంగతి చెప్పాడు. సరుకు అనుకున్నదానికన్నా ఆరు రోజులు ఆలస్యం, అంటే 13 పనిరోజులకు వస్తుంది. ఎనిమిదికీ పదమూడుకీ మధ్య ఐదు రోజులు, రోజుకు నలభై చొప్పున రెండు వందల స్టార్టర్లు. ఆలస్యం ఎందుకని ఓనరు అడిగారు.

“పాత బిల్లు కట్టలే సార్, అందుకే మన సరుకు వెనక్కి నెట్టిండు.”

అకౌంట్స్ ఆయన ఫైలు తెరిచి చూస్తే 1,86,000 రూపాయల బిల్లు 52 రోజులుగా పెండింగులో ఉంది. చిన్న ఫ్యాక్టరీల్లో కొరతకు కారణం వెతుక్కుంటూ పోతే చాలాసార్లు చివరికి తేలేది ఇలాంటి బిల్లే. సప్లయరు కూడా సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదైన తయారీదారు అయితే ఇది వట్టి మొహమాటం వ్యవహారం కూడా కాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం రాసుకున్నా 45 రోజులు మించకుండా కట్టాలి. గడువు దాటి, ఆ ఆర్థిక సంవత్సరంలో కట్టకుండా వదిలేస్తే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోవడం కూడా కుదరదు.

ప్రొడక్షన్ సూపర్‌వైజరు ఒక ఉపాయం చెప్పాడు. 7.5 హెచ్‌పీ స్టార్టర్లలో పెట్టే 9 నుంచి 15 ఆంపియర్ల రిలేలు 300 ఉన్నాయి, సైజు ఒకటే, బిగుసుకుంటుంది, వాటిని పెట్టేద్దాం అన్నాడు. కొరత మీటింగుల్లో ఈ మాట వస్తూనే ఉంటుంది, దీన్ని అక్కడే ఆపాలి. 5 హెచ్‌పీ మోటారు నిండు లోడు మీద తీసుకునే కరెంటు సుమారు ఏడున్నర ఆంపియర్లు. ఆ రిలేను ఎంత తగ్గించినా తొమ్మిది కన్నా కిందికి దిగదు. మోటారు మీద భారం పెరిగి వేడెక్కుతున్నా రిలే వెంటనే ట్రిప్ కాదు, ఒక్కోసారి అసలే కాదు. వైండింగు కాలితే రైతు వచ్చి నిలదీసేది డీలరును. బదులు సరుకు వాడాలన్నా, వద్దన్నా ఆ మాట డిజైను తెలిసిన మనిషి చెప్పాలి, పేరు రాసుకోవాలి.

అదే 300 రిలేలకు మంచి దారి మరొకటి ఉంది. 7.5 హెచ్‌పీ స్టార్టర్లు తొంభైకి ఒక డీలరు ఆర్డరు పెండింగులో ఉందని సేల్స్ మనిషి చెప్పాడు. అయితే రెండు రోజులు లైనును వాటికి తిప్పుదాం, ఎనభై తయారవుతాయి, ఆ రెండు రోజులు 5 హెచ్‌పీ రిలేలు కదలవు. సప్లయరుకు సాయంత్రంలోగా లక్ష రూపాయలు పంపితే, సిద్ధంగా ఉన్న 250 రిలేలు గురువారానికి ట్రాన్స్‌పోర్టులో వేస్తానన్నాడు. 320కి 250 కలిపితే 570, పద్నాలుగు రోజులకు కొంచెం పైన. మిగతావి పదమూడో రోజున వస్తాయి. లైను తిప్పినందువల్ల మరో రెండు రోజులు చేతిలో ఉంటాయి.

రిజిస్టరులో నాలుగు వరసలు పడ్డాయి. అకౌంట్స్ ఇవాళ నాలుగింటిలోగా లక్ష పంపాలి. పర్చేజ్ గురువారం లారీ రసీదు నంబరు తెప్పించాలి. ప్రొడక్షన్ బుధ, గురువారాలు 7.5 హెచ్‌పీ నడపాలి. స్టోర్స్ ఆ 70 రిజెక్టు రిలేలను ఇవాళే చలాను రాసి వెనక్కి పంపి, పుస్తకంలో సరిచేయాలి. ప్రతి వరసలో ఒక మనిషి, ఒక గడువు. “ఫాలో అప్ చేయాలి” అని రాస్తే అది నిర్ణయం కింద లెక్కలోకి రాదు.

తర్వాతి పదిహేను నిమిషాలు మిగులు సరుకుకు. మిగులు వల్ల లైను ఆగదు, ఎవరూ ఫోను చేసి అరవరు. అందుకే ఎక్కువ ఫ్యాక్టరీల్లో కొరతలతోనే టైము అయిపోయి, మిగులును వచ్చే వారానికి వాయిదా వేస్తారు. గడియారం చూసి కొరతల చర్చను ఆపి మరీ దీనికి రావాలి.

జాబితా పైన సింగిల్ ఫేజ్ ప్యానెళ్లకు వాడే స్టార్టింగు కెపాసిటర్లు ఉన్నాయి. 1,800 రాక్‌లో, మరో 600 ఆర్డరులో. నెలకు 50 వాడతారు కాబట్టి మూడు నెలల అవసరం 150. ఒక్కోటి 65 రూపాయలు. ఫార్ములా చూపిన మిగులు 1,46,250 రూపాయలు. ఒక పెద్ద ప్యానెళ్ల ఆర్డరు వస్తుందని, ఎక్కువ తీసుకుంటే రేటు తగ్గుతుందని ఒకేసారి కొన్నారు. ఆ ఆర్డరు రద్దయింది. రద్దయిన కబురు సేల్స్ దగ్గర ఉండిపోయింది, పర్చేజ్ దాకా రాలేదు. అందుకే ఆ 600 ఇంకా దారిలో ఉన్నాయి.

మిగులు దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: ఇంకా వస్తోందా? మూడేళ్లకు సరిపడా సరుకు రాక్‌లో పెట్టుకుని కొత్తది దింపుకోవడం స్టాక్ లిస్టు చూస్తే తెలియదు, ఆర్డరు లెక్క కలిపితేనే కనిపిస్తుంది. పర్చేజ్ మనిషి అక్కడి నుంచే ఫోన్ చేసి ఆ 600 ఆపించాడు. 39,000 రూపాయలు మిగిలాయి. వారం మొత్తంలో తేలిగ్గా దొరికిన డబ్బు అది.

రెండో ప్రశ్న, సీలు విప్పని పెట్టెల్ని సప్లయరు వెనక్కి తీసుకుంటాడా. పది శాతం తగ్గించి వెయ్యి తీసుకుంటానన్నాడు. 58,500 రూపాయల క్రెడిట్ నోటు, వేరే కొనుగోళ్లలో సర్దుకోవచ్చు. పది శాతం నష్టమేనని ఓనరుకు చేదుగా అనిపించింది. కానీ ఈ రకం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు వాడకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే లోపల క్షీణిస్తుంది, లీకేజీ కరెంటు పెరుగుతుంది. మూడో ఏట దాన్ని ప్యానెల్‌లో పెడితే వచ్చే కంప్లయింటు పది శాతం కన్నా ఖరీదు. మిగిలిన 800 పదహారు నెలలకు వస్తాయి. పాత తేదీవి ముందు వాడాలి, మూడు నెలలకోసారి కొన్నిటిని మీటరుతో చూడాలి.

ఎవరూ వెనక్కి తీసుకోని సరుకు ఉంటే, కొంచెం మార్చి వేరే మోడల్‌లో వాడగలమా, తోటి ఫ్యాక్టరీకి తగ్గించి అమ్మగలమా అని చూడాలి. ఏదీ కుదరకపోతే పుస్తకంలోంచి కొట్టేయాలి. అలా కొట్టేసిన సరుకు మీద అప్పట్లో తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను జీఎస్టీ చట్టం 17(5) సెక్షను ప్రకారం తిరిగి కట్టాలి. తక్కువకైనా అమ్మితే అమ్మిన ధర మీద పన్ను వేసి బిల్లు చేయొచ్చు, క్రెడిట్ పోదు. అందుకే అకౌంట్స్‌ను అడగకుండా స్టోర్స్ తనంతట తాను స్క్రాపు రాయకూడదు. క్యాష్ క్రెడిట్ మీద నడిచే ఫ్యాక్టరీకి మరో చిక్కు ఉంది. నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటులో చాలాకాలంగా కదలని సరుకును బ్యాంకులు మామూలుగా పరిమితి లెక్కలోకి తీసుకోవు.

చివరి ఐదు నిమిషాలు అంకెల్ని దిద్దడానికి. ఇది వదిలేస్తే అదే ఐటెమ్ మళ్లీ మళ్లీ జాబితాలోకి వస్తుంది. రిలే సప్లయరు గత నాలుగు సార్లు సరుకు దింపడానికి 11, 16, 18, 19 పనిరోజులు తీసుకున్నాడు. పుస్తకంలో 12 అని ఉండటం కోరికే గానీ లెక్క కాదు. దాన్ని 18 చేస్తే, రోజుకు నలభై చొప్పున 720, జాగ్రత్తకు మూడు రోజుల 120 కలిపి 840 దగ్గరకు రాగానే ఆర్డరు పడాలి. ఐదు రోజుల కిందటే ఆర్డరిచ్చినా ఆలస్యం ఎందుకైందో ఇక్కడ తెలుస్తుంది. సేల్స్ వాళ్లకు ఒక నియమం కూడా ఇక్కడే పడింది: ఆర్డరు రద్దయిన రోజే పర్చేజ్‌కు కాగితం మీద తెలపాలి.

ఈ పద్ధతి చెడిపోయే తీరు ముందుగానే కనిపిస్తుంది. జాబితాలో వరసలు నలభై, యాభై దాటితే రోజుల అంకెలు తప్పు పెట్టినట్టే. అన్నీ ఎర్రగా ఉంటే ఎవరూ దేన్నీ పట్టించుకోరు. పైన పదింటినే చూసి, మిగతావాటి లీడ్ టైమ్‌లు ఒక్కొక్కటిగా సరిచేయాలి. ఒకే ఐటెమ్ మూడు వారాలు వరసగా వస్తే అది కింది స్థాయిలో తేలేది కాదు. రెండో సప్లయరును చూడాలా, డిజైను మార్చాలా అన్నది ఓనరు తేల్చాలి. సీజను మారే సమయంలో పాత సగటు మోసం చేస్తుంది. జనవరి వాడకం చూసి ఫిబ్రవరికి సరుకు చాలనుకుంటారు, మే నెల వాడకం చూసి జూన్‌లో రిలేలు తెప్పిస్తారు, వానలు పడగానే అవి మిగులు జాబితాలో తేలతాయి. కొరతకు రెండు వారాల ప్లానును, మిగులుకు సేల్స్ చెప్పే మూడు నెలల అంచనాను విడిగా తీసుకున్నది అందుకే. కొత్త మోడల్ కోసం తెచ్చిన విడిభాగాలకు ఇంకా వాడకం ఉండదు, అంచనా రాయకపోతే అవన్నీ మిగులుగా కనిపిస్తాయి.

ఇంతా చేసినా ఈ రిపోర్టుకు ఒకటి కనిపించదు. పుస్తకంలో 500 ఉండి, బిన్ ఖాళీగా ఉన్న ఐటెమ్ కొరత జాబితాలోకి రానే రాదు. పుస్తకం ప్రకారం అంతా బాగుంది కదా. కాబట్టి జాబితాలోని ఇరవై లెక్కపెట్టిన తర్వాత స్టోర్‌కీపరు జాబితాలో లేనివి ఐదు బిన్‌లను సోమవారమే లెక్కపెట్టాలి. వేగంగా కదిలేవి, చేతికి తేలిగ్గా దొరికేవి ముందు చూడాలి: లగ్గులు, పుష్ బటన్లు, చిన్న వైరు చుట్టలు. బిన్ కార్డు మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. ఐదింటిలో రెండు తేడా వస్తే, ఆ రాక్ మొత్తాన్ని ఆ వారంలోనే తిరగేయాలని రిజిస్టరులో రాసుకుంటారు.